లక్కీ డ్రాకి ముందు నాలుగు నిమిషాలు: ఒక యాన్యువల్ డే కేస్ స్టడీ

పన్నెండేళ్లుగా కంపెనీల యాన్యువల్ డేలకి యాంకరింగ్ చేస్తున్నాను. డాన్సులు ఆలస్యమైతే జనం ఓర్చుకుంటారు, ఎండీ గారి స్పీచ్ నలభై నిమిషాలు సాగినా ఓర్చుకుంటారు, బిర్యానీ చల్లారిపోయినా తిట్టుకుంటూనే తినేస్తారు. లక్కీ డ్రా దగ్గర మాత్రం చిన్న అనుమానం వచ్చిందా, మళ్లీ యాన్యువల్ డే వచ్చేదాకా క్యాంటీన్లో అదే మాట.

ఈ కేసు జీడిమెట్ల వైపు ఉన్న ఒక తయారీ కంపెనీది. పేరు చెప్పను. వాళ్ల హెచ్‌ఆర్ నుంచి ఫోన్ వచ్చినప్పుడు మొదట అడిగింది నా రేటు కాదు, "మేడమ్, డ్రా ముందు ఒక అనౌన్స్‌మెంట్ చేయాలి, ఎవరూ నోరెత్తకుండా ఉండాలి" అన్నారు. నోరెత్తకుండా చేసే అనౌన్స్‌మెంట్ నాకు రాదు, ఏమైంది అని అడిగితే కథ చెప్పారు.

కిందటేడు ఒక గాజు గిన్నెలో పేర్ల చీటీలు వేశారు. గేటు దగ్గర ఎవరు వస్తే వాళ్లు చీటీ రాసి వేయాలి. బస్సుల్లో వచ్చిన షాప్ ఫ్లోర్ వాళ్లు ఐదున్నరకే వేసేశారు, ఆఫీసు స్టాఫ్ కార్లలో ఏడు దాటాక వచ్చి వేశారు. ఒకాయన గిన్నెలో చెయ్యి పెట్టి రెండుసార్లు తిప్పాడు, ఒక మేనేజర్ గారి పాప వచ్చి చీటీ తీసింది. బంపర్ ప్రైజు ఆఫీసు స్టాఫ్‌లో ఒకరికి వచ్చింది, పైగా ఆయన ఆ మేనేజర్‌కి దూరపు చుట్టమట. మోసం జరిగిందని నేను అనుకోను. కానీ అది సరైన డ్రా కూడా కాదు. చివర వేసిన చీటీలు పైన ఉంటాయి, పాప చెయ్యి పైపైనే తిరుగుతుంది, అంతే. ఎవరూ మోసం చేయకపోయినా ఆలస్యంగా వచ్చినవాళ్లకి అవకాశం ఎక్కువ.

ఇది చిన్న కంపెనీల తప్పేమీ కాదు. 1969 డిసెంబరు 1న అమెరికాలో వియత్నాం యుద్ధానికి కుర్రాళ్లను ఎవరి తర్వాత ఎవరిని పిలవాలో తేల్చడానికి పుట్టినరోజుల మీద లాటరీ తీశారు. 366 తేదీలు, ఒక్కో తేదీ ఒక్కో ప్లాస్టిక్ గొట్టంలో. జనవరివి ముందు, తర్వాత ఫిబ్రవరివి, అలా నెలల వరుసలో పెట్టెలో వేశారు, కలపడం చాల్లేదు. ఏడాది చివరి నెలల్లో పుట్టినవాళ్ల తేదీలు ముందు ముందే వచ్చేశాయి. యుద్ధానికి పంపే లాటరీనే అలా జరిగింది, ఇక మన గాజు గిన్నె ఎంత. మరుసటి ఏడాది వాళ్లు పద్ధతి మార్చుకున్నారు, ఈ కంపెనీ కూడా మార్చుకుందామనే నన్ను పిలిచింది.

మరి లాప్‌టాప్ పెట్టి స్క్రీన్ మీద తీయొచ్చు కదా అన్నారు హెచ్‌ఆర్ వాళ్లు. అందరూ అడిగేదే. మొత్తం 412 మందికి ఎక్సెల్లో ఈ ఒక్క లైన్ చాలు:

```
=RANDBETWEEN(1,412)
```

నాకు దీనితో పాత గాయం ఉంది. వేరే ఒక కంపెనీలో ఇదే పెట్టి ఎల్‌ఈడీ స్క్రీన్ మీద చూపించాను. నంబరు వచ్చింది, హాలంతా చప్పట్లు, గెలిచినాయన లేచి నిలబడ్డాడు. నా అసిస్టెంట్ పక్క గడిలో ఆయన పేరు టైపు చేసి ఎంటర్ కొట్టాడు. నంబరు మారిపోయింది. ఆ ఫార్ములా గుణమే అది, షీట్‌లో ఎక్కడ ఏ గడి మార్చినా మళ్లీ లెక్కేసుకుంటుంది, F9 నొక్కినా అంతే. మూడొందల మంది ముందు నేను అది వివరించబోతే ఒక్కరూ వినలేదు. ఇంకా అసలు ఇబ్బంది వేరే ఉంది. F9 ఎన్నిసార్లు నొక్కారో వెనక వరసలో కూర్చున్నవాడికి తెలియదు. నచ్చిన నంబరు వచ్చేదాకా నొక్కి ఆపినా అది స్క్రీన్ మీద న్యాయంగానే కనిపిస్తుంది. అనుమానం ఉన్న చోట లోపల ఏం జరుగుతోందో కనపడని పెట్టె పెట్టకూడదు అని అప్పట్నుంచి నా నియమం.

కాబట్టి బంతులు. కొత్త టేబుల్ టెన్నిస్ బంతులు, ఒకే కంపెనీవి, ఒకే రంగువి, 25. మూడు స్టీలు బిందెలు. మొదటి బిందెలో 0 నుంచి 4 దాకా ఐదు బంతులు, రెండో దాంట్లో 0 నుంచి 9 దాకా పది, మూడో దాంట్లో పది. వందలు, పదులు, ఒకట్లు. అంకెలు మార్కర్‌తో రాశాం, స్టిక్కర్ అంటించలేదు, స్టిక్కర్ అయితే వేలికి తగులుతుంది. గాజు గిన్నె కాకుండా బిందె ఎందుకంటే మూతి ఇరుకు, చెయ్యి పడుతుంది కానీ కన్ను పడదు. పైగా బిందెను ఊపితే బంతులు గలగలమంటాయి, కలుపుతున్నట్టు వెనక వరసకి కూడా వినపడుతుంది.

బిందెల కంటే ముందు తేల్చాల్సింది లిస్టు. డ్రాలో ఎవరు ఉన్నారు, ఎవరు లేరు. దీని మీదే రెండు మీటింగులు అయ్యాయి. మొదట వాళ్లు కంపెనీ రోల్స్ మీద ఉన్న 268 మందే అన్నారు. కాంట్రాక్టు వాళ్లు ఇంకో 144 మంది ఉన్నారు, వాళ్లూ అదే బస్సులో వస్తారు, అదే హాల్లో కూర్చుంటారు, చప్పట్లు వాళ్లే ఎక్కువ కొడతారు. వాళ్లను లిస్టులో పెట్టకపోతే ఆ మాట స్టేజీ మీద నేను స్పష్టంగా చెప్తాను, దాచను అన్నాను. ఆ వాక్యం మైకులో ఎలా వినపడుతుందో ఊహించుకున్నారేమో, జీఎం గారు ఒప్పుకున్నారు. మొత్తం 412. డైరెక్టర్లు, డ్రా నడిపే హెచ్‌ఆర్ కమిటీ ఐదుగురు, వాళ్ల ఇంట్లోవాళ్లు ఇందులో లేరు.

లిస్టు నంబర్లతో సహా నోటీసు బోర్డు మీద, క్యాంటీన్ గోడ మీద మూడు రోజుల ముందు అంటించాం. 1 నుంచి 268 దాకా పర్మనెంట్, 269 నుంచి కాంట్రాక్టు, చేరిన వరుసలో. పేరు లేకపోతే శుక్రవారం సాయంత్రం ఐదింటిలోగా చెప్పాలి, తర్వాత ఎండీ గారు చెప్పినా చేర్చం. నిజంగానే ఒక సెక్యూరిటీ గార్డు పేరు తప్పిపోయింది, ఆయన వచ్చి అడిగాడు, చేర్చాం. 412వ నంబరు ఆయనదే.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి.

412 మంది, మూడు బంతులు. మూడు బిందెలతో 000 నుంచి 499 దాకా 500 నంబర్లు రావచ్చు. మనకి పనికొచ్చేవి 001 నుంచి 412. మిగతా 88 ఖాళీ నంబర్లు, వాటికి మనుషుల్లేరు. ఖాళీ నంబరు వస్తే ఏం చేయాలి? నేను రాసుకున్న స్క్రిప్టులో "పనికిరాని బంతి వస్తే ఆ ఒక్క బంతి వెనక్కి వేసి మళ్లీ తీస్తాం" అని ఉంది. అంటే మొదట 4 వచ్చి, తర్వాత 7 వచ్చిందనుకోండి, నలభై ఏడు పదుల నంబరు ఎవరికీ లేదు కాబట్టి 7 వెనక్కి వేసి, 0 గానీ 1 గానీ వచ్చేదాకా తీయడం. టైము కలిసొస్తుంది, వినడానికి సబబుగానే ఉంది. నాకు అలాగే అనిపించింది.

ముందు రోజు హాల్లో రిహార్సల్ పెట్టాం. ముప్పై సార్లు ఉత్తుత్తి డ్రా తీశాం, స్టోర్ కీపర్ ఒకాయన రిజిస్టర్లో రాస్తూ కూర్చున్నాడు. స్టాక్ లెక్కలు చూసే మనిషి, ఊరికే రాయడు. చివర్లో పెన్ను పెట్టేసి అడిగాడు: "మేడమ్, నాలుగొందలు దాటినవాళ్లు పదమూడు మందే కదా. వాళ్లకే ఏడుసార్లు వచ్చిందేంటి?"

కాసేపు నాకు అర్థం కాలేదు. తర్వాత ఇద్దరం కూర్చుని లెక్కేశాం. మొదటి బిందెలో ఐదు బంతులు, కాబట్టి 4 రావడానికి అవకాశం ఐదింట ఒకటి. ఒకసారి 4 వచ్చాక నేను దాన్ని వదలడం లేదు, మిగతా బంతులనే మార్చి మార్చి ఆ పదమూడు మందిలో ఎవరో ఒకరి దగ్గరికి తీసుకెళ్తున్నాను. అంటే ప్రతి ఐదు డ్రాల్లో ఒకటి 400 నుంచి 412 దాకా ఉన్న పదమూడు మందికే పోతుంది. ముప్పైలో ఆరు రావాలి, ఏడు వచ్చాయి. మిగతా 399 మంది మిగిలిన నాలుగు వాటాలు పంచుకోవాలి. ఇంకా దారుణం 410, 411, 412 నంబర్లది. 4 తర్వాత 0 గానీ 1 గానీ సమానంగా వస్తాయి, 1 వస్తే ఆ ముగ్గురే మిగులుతారు. మామూలు నంబరుకి సుమారు 500 డ్రాలకి ఒకసారి అవకాశం అయితే, ఈ ముగ్గురిలో ఒక్కొక్కరికీ 30 డ్రాలకి ఒకసారి. మన సెక్యూరిటీ గార్డు ఆ ముగ్గురిలో ఒకడు. చివర్లో చేర్చినాయనకే బంపర్ ప్రైజు స్కూటీ వస్తే కిందటేటి గొడవ మళ్లీ మొదలయ్యేది, ఈసారి వాళ్ల అనుమానంలో తప్పు కూడా ఉండేది కాదు.

దిద్దుబాటు ఒక్క మాటే. ఖాళీ నంబరు వస్తే మూడు బంతులూ వెనక్కి, మూడు బిందెలూ ఊపి, మొదటి నుంచి. 4 వచ్చింది కదా అని దాన్ని ఉంచుకోకూడదు. ఇలా చేస్తే 500 నంబర్లలో ప్రతిదానికీ ఒకే అవకాశం, వాటిలోంచి 88 తీసేసినా మిగతా 412 మధ్య సమానత్వం చెడదు. దీనికి పడే ఖర్చు కొంచెం టైము. సుమారు ఆరు డ్రాల్లో ఒకటి వృథా అవుతుంది. మళ్లీ ముప్పై సార్లు తీసి చూశాం, నాలుగొందల వాళ్లకి ఒక్కసారే వచ్చింది. పదమూడు మందికి ముప్పైలో ఒకటి రావడం సరిగ్గా వాళ్ల వాటా.

ఆ రాత్రి అనౌన్స్‌మెంట్ మళ్లీ రాశాను. మొదటి రాతలో "పూర్తి పారదర్శకంగా", "ఎలాంటి పక్షపాతం లేకుండా" లాంటి మాటలు ఉన్నాయి, అన్నీ కొట్టేశాను. కిందటేడు కూడా ఆ మాటలే చదివారట. విన్నవాడు తన కళ్లతో చూసి సరిచూసుకోగలిగిందే చెప్పాలి, మిగతాది చెప్పకపోయినా పర్లేదు. కొంపల్లి వైపు ఫంక్షన్ హాల్లో ఆ సాయంత్రం నేను చదివింది దాదాపు ఇది:

"అందరికీ నమస్కారం అండి. డ్రా మొదలుపెట్టే ముందు నాలుగు నిమిషాలు నా మాట వినండి, తర్వాత ఎవరికైనా అనుమానం ఉంటే చెయ్యెత్తి ఇక్కడే అడగండి, రేపు క్యాంటీన్లో కాదు.

ఈ డ్రాలో 412 మంది ఉన్నారు. పర్మనెంట్ వాళ్లు, కాంట్రాక్టు వాళ్లు అందరూ. డైరెక్టర్లు, హెచ్‌ఆర్ కమిటీ ఐదుగురు, వాళ్ల ఇంట్లోవాళ్లు లేరు. మీ నంబరు మూడు రోజుల నుంచి గోడ మీద ఉంది, ఇప్పుడు ఎంట్రన్స్ దగ్గర కూడా ఉంది. శుక్రవారం తర్వాత ఒక్క పేరు చేర్చలేదు, ఒక్క పేరు తీయలేదు.

ఇవి మూడు బిందెలు. మొదటిది వందలు, రెండోది పదులు, మూడోది ఒకట్లు. ఇప్పుడు బంతులన్నీ ఈ ట్రేలో పోసి చూపిస్తున్నాం, ముందు వరసలోంచి ఇద్దరు, వెనక వరసలోంచి ఇద్దరు స్టేజీ మీదకి రండి, మీరే లెక్కపెట్టి మీరే బిందెల్లో వేయండి. మొత్తం 25 ఉండాలి.

ఒక్కో ప్రైజుకి మూడు బంతులు తీస్తాం. ప్రతి డ్రాకి తీసే మనిషి మారతారు, ఒక ప్రైజు గెలిచినవాళ్లే తర్వాతి ప్రైజు నంబరు తీస్తారు. తీసిన బంతిని పైకెత్తి చూపిస్తాం, కెమెరా చూపిస్తుంది, తర్వాత వెనక్కి వేసి బిందె ఊపుతాం.

413 నుంచి 499 దాకా వస్తే, లేదా మూడూ సున్నాలు వస్తే, ఆ నంబరు ఎవరికీ లేదు. అప్పుడు మూడు బంతులూ వెనక్కి వేసి మళ్లీ మొదటి నుంచి తీస్తాం. ఒక్క బంతే మార్చం. ఎవరు ఎంత అరిచినా మార్చం, ఎందుకంటే అలా మారిస్తే నాలుగొందల నంబర్ల వాళ్లకి మిగతావాళ్ల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ అవకాశం వస్తుంది.

21 ప్రైజులు. చిన్నవి ముందు, స్కూటీ చివర. ఒకసారి గెలిచినవాళ్ల నంబరు మళ్లీ వస్తే చెల్లదు, మళ్లీ తీస్తాం. కిందటేడు గెలిచినవాళ్లు కూడా ఈ డ్రాలో ఉన్నారు. వాళ్లలో ఒకరికి మళ్లీ వస్తే ఆశ్చర్యపోకండి. స్కూటీకి పడే టాక్స్, రిజిస్ట్రేషన్ ఖర్చు కంపెనీదే.

ఇప్పుడు డ్యూటీలో ఉన్న సి షిఫ్ట్ 38 మంది, సాంక్షన్ అయిన సెలవులో ఉన్నవాళ్లు ఇక్కడ లేకపోయినా ప్రైజు వాళ్లదే. మిగతావాళ్లు మూడుసార్లు పిలిచేలోగా, రెండు నిమిషాల్లో స్టేజీ దగ్గరికి రావాలి. గడియారం స్క్రీన్ మీద నడుస్తుంది. రెండు నిమిషాలు దాటితే మళ్లీ తీస్తాం. భోజనాల దగ్గర కూడా స్పీకర్ పెట్టించాం.

తీసిన ప్రతి నంబరూ, చెల్లనివి కూడా, స్టోర్స్ సార్ రిజిస్టర్లో రాస్తారు. రేపు పొద్దున ఆ పేజీ క్యాంటీన్లో ఉంటుంది."

తర్వాత ఇదే హిందీలో కుదించి చెప్పాను, ఎందుకంటే ప్యాకింగ్‌లో ఒడిశా, బీహార్ నుంచి వచ్చిన పిల్లలు చాలామంది. వాళ్లకి తెలుగు పనికి సరిపడా వచ్చు, నిబంధనలకి సరిపడా రాదు.

కిందటేటి విజేతల గురించి ముందే ఎందుకు చెప్పానంటే, దాని లెక్క నాకే వింతగా అనిపించింది. ఒక మనిషిని తీసుకుంటే ప్రైజు వచ్చే అవకాశం ఇరవైలో ఒకటి, రెండేళ్లు వరసగా రావడం అరుదే. కానీ జనం అడిగేది ఆ ఒక్క మనిషి గురించి కాదు. కిందటేడు 21 మంది గెలిచారు, వాళ్లందరూ లిస్టులో ఉన్నారు, ఈసారి ఇంకో 21 ప్రైజులు. ఆ గుంపులో ఎవరో ఒకరికైనా మళ్లీ రావడానికి అవకాశం మూడింట రెండు వంతులు. అంటే రాకపోతేనే కొంచెం ఆశ్చర్యం. అది జరిగాక చెబితే సాకులా ఉంటుంది, ముందు చెబితే నిబంధనలా ఉంటుంది.

జరిగింది కూడా. ఆరో ప్రైజు 077. కిందటేడు మిక్సీ గెలిచినాయన, ఈసారి కుక్కర్. హాల్లో "హే" అని మొదలైంది. ముందు వరసలోంచి ఒక పెద్దాయన, పెద్ద పోస్టులో ఉన్నాయన, నా వైపు వంగి "మళ్లీ తీసేయండి మేడమ్, ఎందుకొచ్చిన గొడవ" అన్నారు. మంచి ఉద్దేశంతోనే అన్నారు. నేను మైకులోనే "సార్, అలా తీస్తే ఇందాక నేను చెప్పింది అబద్ధం అవుతుంది" అనేశాను. కొంచెం గట్టిగా అన్నానేమో, ఆయన తర్వాత భోజనాల దగ్గర నాతో మాట్లాడలేదు.

నాకు ఇప్పటికీ మింగుడు పడనిది పదకొండో ప్రైజు. 236. మొదటి పిలుపు, రెండో పిలుపు, స్క్రీన్ మీద గడియారం. 2:00 పడింది, నేను "చెల్లదు" అన్నాను, బంతులు వెనక్కి వేశారు. అప్పుడు తలుపు దగ్గర్నుంచి చేతిలో పెరుగన్నం ప్లేటుతో ఒకాయన పరిగెత్తుకొచ్చాడు. 2:10 అయ్యుంటుంది. "అక్కా, చెయ్యి కడుక్కునే లోపే" అన్నాడు. హాలు సగం ఆయన వైపే. ఇవ్వలేదు. ఆ పది సెకన్లు వదిలేస్తే తర్వాత వచ్చేవాడి ఇరవై సెకన్లు వదలాలి. నిబంధన పాటించడం సరైనదే, నిబంధనే తప్పు. భోజనాల హాలు నుంచి స్టేజీకి నడక ఎంత పడుతుందో నేను ముందు రోజు కొలవలేదు. బిందెలు, బంతులు అన్నీ చూసుకున్నాను, నడిచి చూడలేదు. ఆ తర్వాత చేసిన ఈవెంట్లలో ప్లేటు పట్టుకుని నేనే అక్కడ్నుంచి నడిచి, పట్టిన టైముకి ఒక నిమిషం కలిపి పెడుతున్నాను. ఇంకా చెప్పాలంటే, అసలు హాల్లో ఉండాలన్న నిబంధనే వద్దని చెప్పేదాన్ని, కానీ ప్రోగ్రాం అయ్యేదాకా జనం ఉండాలి కదా మేడమ్ అంటారు. అది డ్రా కోసం పెట్టిన నిబంధన కాదు, ఎండీ గారి ముందు కుర్చీలు ఖాళీగా ఉండకూడదని పెట్టింది.

చిన్న ప్రైజులు ముందు తీయడం మీద కూడా ఒక ఫిర్యాదు వచ్చింది. ట్రాలీ బ్యాగ్ గెలిచిన అమ్మాయి "ఇది వచ్చి నా స్కూటీ పోయింది" అంది. ఇది ఎప్పుడూ వస్తుంది. ఆమెకి చెప్పింది ఇదే: డ్రా మొదలవకముందు స్కూటీ మీద నీ అవకాశం 412లో ఒకటి, ముందు తీసినా వెనక తీసినా అంతే. బ్యాగ్ వచ్చాక స్కూటీ అవకాశం పోయింది నిజమే, కానీ బ్యాగ్ రాని రోజుల్లో అది కొంచెం పెరుగుతుంది, రెండూ సరిపోతాయి. ఆమె విన్నది, నమ్మిందో లేదో తెలీదు, బ్యాగ్ మాత్రం తీసుకుంది.

ఇక స్కూటీ. హాలంతా లేచి నిలబడింది. ఇరవయ్యో విజేత, ప్యాకింగ్ కుర్రాడు, మొదటి బిందెలో చెయ్యి పెట్టాడు. 4. వెనక మూల నుంచి ఒక్కసారిగా కేక. ఆ 400 నంబర్ల వాళ్లందరూ కొత్తగా చేరిన కాంట్రాక్టు పిల్లలు, ఒకే చోట కూర్చున్నారు, సెక్యూరిటీ గార్డు కూడా డ్యూటీ టోపీతో వాళ్ల వెనకే నిలబడి ఉన్నాడు. రెండో బిందె. 6.

460ల్లో ఎవరూ లేరు. "ఒక్క బంతి, ఒక్క బంతి" అని మొదలుపెట్టారు, వాళ్లే కాదు, హాలు మొత్తం. నిజం చెప్పాలంటే నాకూ వాళ్లకి రావాలనే ఉంది. నెలకి వాళ్లకొచ్చేదెంతో నాకు తెలుసు. జీఎం గారు కూడా నవ్వుతూ "ఇచ్చేయొచ్చుగా" అన్నట్టు చెయ్యి ఊపారు. అప్పుడు స్టోర్ కీపర్ రిజిస్టర్లోంచి తలెత్తి నా వైపు చూశాడు. మైకు తీసుకుని "మొదట్లో చెప్పిన నాలుగు నిమిషాల మాట గుర్తుందా" అన్నాను, కొందరు నవ్వారు, ఎక్కువమంది తిట్టారు. రెండు బంతులూ వెనక్కి వేయించి, మూడు బిందెలూ ఆ కుర్రాడి చేతే ఊపించాను, గట్టిగా, ఎక్కువసేపు.

1. 5. 8.

లిస్టులో 158 ఎదురుగా చిన్న ముద్ర ఉంది, సి షిఫ్ట్, డ్యూటీలో. హాల్లో ఎవరూ లేవలేదు, నిశ్శబ్దం. షాప్ ఫ్లోర్‌లో ఫోన్లు లాకర్లో పెట్టాలి, అందుకని షిఫ్ట్ ఇన్‌చార్జి ల్యాండ్‌లైన్‌కి చేసి ఆయన్ని పిలిపించాం. మూడు నిమిషాలు పట్టింది. లైను మైకుకి పెట్టాం, వెనక మెషీన్ల హోరు వినిపిస్తోంది. విషయం చెప్తే ముందు నమ్మలేదు, "ఎవరండీ, ఏ డిపార్ట్‌మెంట్" అని నన్నే అడిగాడు. మళ్లీ చెప్పాను. కాసేపాగి, "సరే మేడమ్, బ్యాచ్ నడుస్తోంది, పెట్టేస్తాను" అన్నాడు. ఆ రాత్రి ఎక్కువ చప్పట్లు పడింది ఆ మాటకే.

మర్నాడు రిజిస్టర్ పేజీ జిరాక్స్ క్యాంటీన్లో అంటించారు, నాకు ఫోటో పంపారు. మొత్తం 27 డ్రాలు: 21 ప్రైజులు, ఖాళీ నంబర్లు నాలుగు, మళ్లీ వచ్చిన నంబరు ఒకటి, ఆలస్యమైన 236. ప్రైజుల్లో ఎనిమిది కాంట్రాక్టు వాళ్లకి. 400 పైన ఒక్కరికీ రాలేదు, పదమూడు మందికి అలా జరగడం సగానికి సగం అవకాశమే. నలభై మంది ఉన్న ఒక డిపార్ట్‌మెంట్‌కి అసలేమీ రాలేదని హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టారట. ఒక నలభై మందికి ఇలా సున్నా రావడం తొమ్మిదింట ఒకసారి జరుగుతుంది, అలాంటి డిపార్ట్‌మెంట్లు తొమ్మిది పది ఉంటే ఎవరో ఒకరికి అలా జరిగే అవకాశమే ఎక్కువ. అనౌన్స్‌మెంట్‌లో ఈ వాక్యం లేదు. రాసుకున్నాను, టైము సరిపోదని ఆఖర్లో కొట్టేశాను. ఇప్పుడు నా స్క్రిప్టులో అది మళ్లీ ఉంది, కిందటేటి విజేతల వాక్యం పక్కనే.